ఈద్ కలెక్షన్ బ్యానర్ మీద "పండక్కి ముందే డెలివరీ" అని రాయొచ్చా? భాష మీద కూడా తిట్లు పడుతున్నాయి

కొత్తకొట్టు_రవి
మాది ఆన్‌లైన్ బట్టల కొట్టు. రంజాన్ పండక్కి కలెక్షన్ పెట్టాం. మగవాళ్ల కుర్తాలు, ఆడవాళ్ల సెట్లు, పిల్లల జతలు కలిపి నలభై డిజైన్లు. బ్యానర్ మీద రాసింది ఇదీ:

"ఈ రంజాన్‌కి మీ కళ్లకే విందు! ఈద్ ధమాకా సేల్! 3–5 రోజుల్లో డెలివరీ. పండక్కి ముందే మీ ఇంటికి, గ్యారంటీ!*"

ఆ చుక్కకి కింద చిన్న అక్షరాల్లో "షరతులు వర్తిస్తాయి". వెనక మసీదు గుమ్మటం, నెలవంక, దాని కడుపులో నక్షత్రం, పక్కన అరబిక్‌లో ఈద్ ముబారక్. పేజీ పెట్టిన గంటలోనే కామెంట్లు మొదలు. సగం మంది "ఇదేం భాషండీ, తీసేయండి" అంటున్నారు. మిగతా సగం "ముందే అంటే ఏ తేదీకి?" అని అడుగుతున్నారు. భాషలో తప్పెక్కడుంది, తేదీ ఎలా చెప్పాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

ఊరికే_చదువుతా
చుక్కే పెద్ద చిక్కు. గ్యారంటీ అని అరిచి, చెవిలో షరతులు చెప్తే ఎలా?

లెక్కలరాజు
తేదీ చెప్పడం ఏముంది, క్యాలెండర్‌లో ఈద్ ఎర్రగా వేసి ఉంటుంది కదా. దానికి ముందురోజు రాసేయండి, అయిపోతుంది.

నెలవంక
లెక్కలరాజు గారూ, మీ మాట సగం నిజం. తుర్కియే లాంటి చోట్ల ముందే లెక్కకట్టిన క్యాలెండర్ ప్రకారమే చేసుకుంటారు, అక్కడ మీరన్నట్టే రాయొచ్చు. చాలాచోట్ల మాత్రం ఉపవాసాల 29వ రోజు సాయంత్రం నెలవంక కనపడితే మర్నాడే పండగ, కనపడకపోతే 30 ఉపవాసాలు పూర్తిచేసి ఆ మర్నాడు. క్యాలెండర్‌లో ఎర్ర అంకె ఒక అంచనా, అంతే. 2025లో సౌదీలో మార్చి 30 ఆదివారం, భారత్‌లో మార్చి 31 సోమవారం అయింది. రవి గారి పార్సిళ్లు రెండు దేశాలకీ వెళ్లేవైతే "పండక్కి ముందు" అన్న ఒక్క మాటకి రెండు అర్థాలు.

ఇంకోటి. "ముందురోజు" అని రాస్తే ఆ ముందురోజు ఏదో ఆ సాయంత్రం దాకా కొన్నవాళ్లకీ తెలియదు, మీకూ తెలియదు. నమాజు తెల్లారాక కాసేపటికే. బట్టలు ముందు రాత్రికే ఇస్త్రీ అయి మేకుకి వేలాడుతుండాలి. పండగనాడు పదకొండు గంటలకి వచ్చిన పార్సిల్ ఆలస్యమైనట్టే, మీ సిస్టమ్‌లో "పండగరోజు అందింది" అని పచ్చగా చూపించినా సరే.

కత్తెర42
ఆ పచ్చ టిక్కులు చూసి మేనేజర్లు మురిసిపోతారు.

పార్సిల్_పంతులు
తేదీ సంగతి నేను చెప్తా, భాష మిగతావాళ్లు చూసుకోండి.

ఎప్పుడూ వెనక నుంచి లెక్కపెట్టాలి. నెలవంక గారు ఇచ్చిన 2025నే తీసుకుందాం, అందరికీ ఆ క్యాలెండర్ దొరుకుతుంది కాబట్టి సరిచూసుకోవచ్చు. పండగ 30నో 31నో అన్న వాదం మనకొద్దు. మీరు పంపే అన్ని చోట్లా కలిపి అన్నిటికన్నా ముందు ఎప్పుడు రావచ్చో అదే తీసుకోండి: మార్చి 30, ఆదివారం.

బట్ట చేతికొచ్చాక వేసి చూసుకోవాలి, పొడుగైతే అంచు మడత వేయించుకోవాలి. దానికి రెండు రోజులు వదలండి, శుక్ర, శని. అంటే ఇంటికి చేరాల్సింది మార్చి 27 గురువారం లోపు. మీరు బ్యానర్ మీద రాయాల్సిన తేదీ ఇదే. పండగ తేదీ రాయొద్దు.

ఇప్పుడు 27 నుంచి వెనక్కి. మీ "3–5 రోజులు"లో 3 మర్చిపోండి, 5 పట్టుకోండి. పండగ వారంలో కొరియర్ హబ్బుల్లో సరుకు పేరుకుంటుంది కాబట్టి ఇంకొకటి కలపండి, 6 పనిరోజులు. ఆదివారం పనిరోజు కాదు. 26, 25, 24, మధ్యలో 23 ఆదివారం వదిలి 22, 21, 20. కొరియర్ చేతికి ఇవ్వాల్సింది మార్చి 20 గురువారం. అందుకు ముందు మీ ప్యాకింగ్‌కి 2 పనిరోజులు. ఆర్డర్‌కి ఆఖరి తేదీ మార్చి 18 మంగళవారం.

పండక్కీ ఆఖరి ఆర్డర్‌కీ మధ్య పన్నెండు రోజులు. మీ బ్యానర్ చదివినవాడు మాత్రం "3–5 రోజులు కదా, 24న పెట్టినా వచ్చేస్తుంది" అనుకుంటాడు. అలా అనుకోవడం అతని తప్పు కాదు.

కొత్తకొట్టు_రవి
పన్నెండు రోజులా! అంత ముందు ఆపేస్తే ఆఖరి వారం అమ్మకాలు పోవూ?

పార్సిల్_పంతులు
అమ్మకం ఆపమనలేదు, మాట ఇవ్వడం ఆపమన్నా. 19 నుంచి బ్యానర్ మారిపోవాలి: "ఇప్పుడు ఆర్డర్ చేస్తే పండగ తర్వాత అందవచ్చు." కావాలనుకున్నవాళ్లు తెలిసే కొంటారు. కొట్టుకే వచ్చి తీసుకెళ్లే వీలుంటే ఆ బటన్ అప్పుడు పైకి తేండి.

సుధ_స్ప్రెడ్‌షీట్
వేళ్ల మీద లెక్కపెట్టే పంతులు గారికి దండం. షీట్లో A2లో చేరాల్సిన తేదీ (2025-03-27) పెట్టి ఇది కొట్టండి:

```
=WORKDAY.INTL(A2,-8,11)
```

8 అంటే ప్యాకింగ్ 2, దారి 6. చివర 11 అంటే సెలవు ఆదివారం ఒక్కటే. శుక్రవారం సెలవుండే చోట 16 పెట్టాలి. జవాబు మార్చి 18 వస్తుంది, పంతులు గారిదే కరెక్టు. మధ్యలో వేరే సెలవులుంటే వాటిని ఒక వరుసలో రాసి ఆ రేంజ్‌ని నాలుగో విలువగా ఇవ్వండి. 11 పెట్టకుండా వదిలేస్తే శని, ఆదివారాలు రెండూ సెలవు కింద తీసేస్తుంది, తేదీ ఇంకా వెనక్కి పోతుంది. మొదట ఏదో తేడా కొడుతోందని తల గోక్కునేది అక్కడే.

పార్సిల్_పంతులు
వేళ్లకి కరెంటు పోవడం లేదమ్మా.

షమీమ్_కుట్టుమిషన్
భాష గురించి ఎవరూ మొదలుపెట్టలేదు కాబట్టి నేనే.

"కళ్లకే విందు". నెలంతా పగలు మంచినీళ్లు కూడా ముట్టనివాళ్లకి, మధ్యాహ్నం రెండింటికి ఫోన్లో ఈ మాట కనపడుతుంది. కావాలని ఎకసెక్కం చేశారని ఎవరూ అనరు. ఆలోచించకుండా రాశారని మాత్రం తెలిసిపోతుంది. ఆకలి, విందు, నోరూరించే, ఈ పదాలతో ఆటలు ఈ నెలలో వద్దు. మోడల్ చేతిలో టీ కప్పున్న ఫొటోలు ఉంటే అవీ పక్కన పెట్టండి.

"ధమాకా" అంటే పేలుడు. వేరే పండగలకి రాసీ రాసీ దాని అర్థం అరిగిపోయింది, నిజమే. కానీ ముస్లింల పండగ పక్కన పేలుడు మాట పెడితే చదివేవాళ్లకి ఎక్కడ గుచ్చుకుంటుందో వేరే చెప్పాలా? "ఈద్ కలెక్షన్" చాలు. తగ్గింపు ఉంటే ఎంత శాతమో రాయండి.

"ఈ రంజాన్‌కి" అనేది మూడోది. రంజాన్ అనేది నెల పేరు, ఉపవాసాల నెల. బట్టలు ఆ నెల పోయాక వచ్చే ఈద్‌కి. తెలుగులో పండగని కూడా రంజాన్ అనే అంటాం, అందులో తప్పు లేదు. కానీ డెలివరీ తేదీ ముడిపడి ఉన్న వాక్యంలో "రంజాన్‌కి ముందు" అని రాస్తే నెల మొదలవక ముందా, పండగ ముందా అన్న సందేహం వస్తుంది. ఆ ఒక్క వాక్యంలో ఈద్ అనే రాయండి.

కత్తెర42
ధమాకా మరీ పట్టించుకోవాలా? సినిమా పోస్టర్ నుంచి సబ్బు దాకా అన్నిటిమీదా అదే మాట. నాకైతే ఇది అతి అనిపిస్తోంది.

షమీమ్_కుట్టుమిషన్
మీకు అనిపించకపోవచ్చు. డబ్బులిచ్చి కొనేవాళ్లకి అనిపించింది, పైన రవి గారి కామెంట్లే సాక్ష్యం.

కత్తెర42
ఆ కామెంట్లలో ఏ పదం మీద అభ్యంతరమో రవి చెప్పలేదు. మనం ఊహిస్తున్నాం.

కొత్తకొట్టు_రవి
ఇద్దరు "విందు" అన్నారు, ఒకరు మసీదు బొమ్మ మీద అమ్మాయి ఫొటో ఏంటన్నారు. ధమాకా అని ఎవరూ అనలేదు, నిజం.

షమీమ్_కుట్టుమిషన్
సరే. ఎవరూ అడగకముందే తీసేయమనే నా సలహా.

రమణమ్మ_జాకెట్లు
రంజాన్ అనాలా, రమదాన్ అనాలా, రమజాన్ అనాలా? అది కూడా తేల్చండి.

నెలవంక
ఇది తేలేది కాదు. అరబీ పలుకుబడి పట్టుకున్నవాళ్లు రమదాన్ అంటారు, పారశీకం మీదుగా ఉర్దూలోకి వచ్చింది రమజాన్, తెలుగు నోట్లో పడి రంజాన్ అయింది. మీ కొనుగోలుదార్లు ఏదంటే అది. బ్యానర్ మీద ఒకటి, మెసేజ్‌లో ఇంకొకటి రాయకుండా ఉంటే చాలు.

ఊరికే_చదువుతా
రమదానే సరైంది. మిగతావన్నీ తప్పు.

రమణమ్మ_జాకెట్లు
ఊరికే చదువుతా అని పేరు పెట్టుకుని తీర్పులిస్తారేంటండీ.

డిజైన్_డబ్బా
రవీ, ఆ అరబిక్ ఈద్ ముబారక్ ఎవరు టైప్ చేశారు? మీ బ్యానర్ చూశా. అక్షరాలు విడివిడిగా నిలబడి ఉన్నాయి, పైగా ఎడమ నుంచి కుడికి. అరబిక్ మద్దతు లేని డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే అలాగే అవుతుంది.

అరబిక్ చదవడం రాకపోయినా పట్టుకోవచ్చు. ఆ రెండు మాటల్లో మొత్తం 8 అక్షరాలు. సరిగ్గా పడితే అవి కలిసిపోయి 4 ముక్కలుగా కనిపిస్తాయి, చుక్కలు లెక్కలోకి తీసుకోకండి. మొదటి మాట కుడివైపు ఉంటుంది, మూడక్షరాలూ ఒకే ముక్క. రెండో మాటలో మూడక్షరాలు కలిసి ఒక ముక్క, తర్వాత రెండు విడి అక్షరాలు. 8 ముక్కలు లెక్కకొచ్చాయా, విరిగిపోయినట్టే. నాలుగున్నా సరే, అచ్చుకి పంపేముందు చదవడం వచ్చినవాళ్లకి ఒకసారి చూపించండి. ఎడిట్ చేసే ఫైల్ వేరే కంప్యూటర్‌లో తెరిస్తే మళ్లీ విరగొచ్చు, అందుకని ఆ ముక్కని ఆకారంగా మార్చి పెట్టండి.

కొత్తకొట్టు_రవి
ఎనిమిది. లెక్కపెట్టా. తల తిరిగింది.

డిజైన్_డబ్బా
నెలవంక కడుపులో నక్షత్రం కూడా తీసేయ్. వంక లోపల ఉండేది చీకటి పడిన చంద్రుడే, ఖాళీ కాదు. దాని ముందు నక్షత్రం ఎలా కనిపిస్తుంది?

కత్తెర42
చంద్రుడికి కన్నం పెట్టారన్నమాట.

షమీమ్_కుట్టుమిషన్
ఆ బొమ్మలో అసలు సమస్య నక్షత్రం కాదు. మసీదుని తెరలాగా వేలాడదీసి దాని ముందు మోడల్‌ని పోజు పెట్టించడం. అది ప్రార్థన చేసుకునే చోటు. బట్టల ఫొటోకి మామూలు గోడ చాలు, జాలీ నమూనానో దీపాలో పెట్టుకోండి.

ప్యాకింగ్ కవర్ మీద కూడా అరబిక్ ఉందా? ఈద్ ముబారక్ వరకు ఫర్వాలేదు. ఖురాన్ వాక్యం గానీ అల్లాహ్ పేరు గానీ అచ్చు వేయొద్దు. కవర్ చింపి చెత్తబుట్టలో వేస్తారు, వేసేవాళ్లకి చెయ్యి రాదు. చింపకుండా దాచుకోవాల్సిన ఇబ్బంది కొన్నవాళ్ల మీద పడుతుంది.

కొత్తకొట్టు_రవి
కవర్ మీద లేదు, లోపల పెట్టే కార్డు మీద ఒక దుఆ, అంటే ప్రార్థన ఉంది. అది తీసేస్తాం.

బక్రీద్_బాబు
మేక బొమ్మకి కుర్తా తొడిగి బ్యానర్ చేశాం, బాగానే ఉంది కదా? మాకు కూడా పన్నెండు రోజుల లెక్కేనా?

నెలవంక
బాబు గారూ, ఇక్కడ నడుస్తోంది ఈద్-ఉల్-ఫితర్ సంగతి. మీరడిగేది ఈద్-ఉల్-అధా. అయినా తేడా తెలుసుకోవడం మంచిదే. బక్రీద్ జుల్‌హిజ్జా నెల 10న. ఆ నెల వంక చూడగానే పండగ తేదీ తేలిపోతుంది, అంటే దాదాపు పది రోజుల ముందే ఖాయం. రాత్రికి రాత్రి తేలే గొడవ లేదు. కానీ పంతులు గారి లెక్కలో ఆఖరి ఆర్డర్ పన్నెండు రోజుల ముందు పడింది చూడండి. మీ కటాఫ్ కూడా వంక కనపడకముందే దాటిపోతుంది. కాబట్టి మీరూ ముందు వచ్చే తేదీనే పట్టుకోవాలి.

మేక బొమ్మ తీసేయండి. అది ఖుర్బానీ. కొన్నవాళ్లకి ఆరాధన, మీకు కార్టూన్.

బక్రీద్_బాబు
పిల్లలకి నచ్చిందండీ.

నెలవంక
పిల్లలు ఆర్డర్ పెట్టరు.

హసీనా_హెమ్
అందరూ చేరే తేదీ చూస్తున్నారు, సైజు మార్పిడి ఎవరూ అడగలేదే? కుర్తా 27న వచ్చింది, భుజం బిగుతు. ఇప్పుడు మారిస్తే ఎప్పుడొస్తుంది? "సులభంగా మార్చుకోండి" అని అదే బ్యానర్ కింద రాసి ఉంటుంది చూడండి, ఎక్కువ మంది మోసపోయేది ఆ మాట దగ్గరే.

పార్సిల్_పంతులు
హసీనా గారు అడిగినదానికి ఇంకో తేదీ కావాలి. మారిన జత కూడా 27లోపే చేరాలంటే, మార్చమని అడగడానికి ఆఖరి రోజు 18. ఎందుకంటే రెండో జతకీ అదే 2+6. పాత జత వెనక్కి వచ్చేదాకా ఆగకుండా కొత్తది పంపిస్తేనే ఈ లెక్క. ఆగితే దానికి ఇంకో వారం కలపండి.

18న అడగాలంటే మొదటి జత 17 సోమవారం చేతికి రావాలి. 17 నుంచి వెనక్కి మళ్లీ 8 పనిరోజులు: 15, 14, 13, 12, 11, 10, ఆదివారం వదిలి 8, 7. మార్చి 7 శుక్రవారం.

కాబట్టి బ్యానర్ మీద రెండు తేదీలు. 7లోపు ఆర్డర్ చేస్తే సైజు మార్పిడి కూడా పండక్కి ముందే. 8 నుంచి 18 వరకు బట్ట ముందే అందుతుంది, మార్పిడి మాత్రం తర్వాత. అందరూ మొదటిది దాచి రెండోదే రాస్తారు.

సుధ_స్ప్రెడ్‌షీట్
సరిచూశా, 7 కరెక్టే. 2025లో కొన్నిచోట్ల ఉపవాసాలు మార్చి 1న మొదలయ్యాయి. అంటే నెల మొదటి వారంలోనే ఒక తేదీ అయిపోయింది. కలెక్షన్ నెల మొదలవకముందే పెట్టాలన్నమాట, రవి గారిలాగా మధ్యలో కాదు.

కొత్తకొట్టు_రవి
తగిలింది.

హసీనా_హెమ్
రెండో తేదీలో కొనేవాళ్ల కోసం కొలతలైనా సరిగ్గా ఇవ్వండి. ఎం, ఎల్ అని రాస్తే చాలదు. కుర్తాని బల్ల మీద పరిచి ఛాతీ, భుజం, చెయ్యి పొడుగు, మొత్తం పొడుగు అంగుళాల్లో. ఆడవాళ్ల సెట్లకి లైనింగ్ ఎక్కడిదాకా ఉంది, చేతులకి లైనింగ్ ఉందా లేదా, ఇది తప్పనిసరి. ఫొటోలో నిండుగా కనిపించి, చేతికొచ్చాక ఎండలో పారదర్శకంగా ఉంటే నమాజుకి అది పనికిరాదు. ఎక్కువ వాపసులు దీనికే. దీపం వెనక పెట్టి ఒక ఫొటో తీసి పెట్టండి, ప్రశ్నలు సగం తగ్గుతాయి.

షమీమ్_కుట్టుమిషన్
దీనికి తోడు మగవాళ్ల "సిల్క్ కుర్తా". మగవాళ్లు అసలు పట్టు వేసుకోకూడదన్నది మా దగ్గర పాటించే నియమం. మీరమ్మేది చాలావరకు విస్కోసో పాలిస్టరో అయి ఉంటుంది, "ఆర్ట్ సిల్క్" అని పేరు పెడతారు. అదైతే వేసుకోవచ్చు. కానీ మీరు సిల్క్ అని ఒక్క మాట రాస్తే, నియమం పాటించేవాళ్లు పేజీ మూసేస్తారు. దారం ఏ రకమో తిన్నగా రాయండి: "నూరు శాతం విస్కోస్, పట్టు లేదు." నిజంగా పట్టే అయితే మగవాళ్ల ఈద్ పేజీలోంచి తీసేయండి.

రమణమ్మ_జాకెట్లు
కుట్టని సెట్లు కూడా ఉన్నాయా? వాటికి 27 పనికిరాదు. పండగ వారంలో ఏ దర్జీ కొత్త బట్ట పట్టుకోడు, చాలామంది నెల సగంలోనే పుస్తకం మూసేస్తారు. కుట్టనివాటికి చేరే తేదీ దానికి కనీసం రెండు వారాల ముందు పెట్టండి. లేదంటే ఆ సెట్ పక్కన "కుట్టించుకోవాలి" అని పెద్దక్షరాల్లో రాయండి. ఫొటోలో కుట్టిన బొమ్మ పెట్టి, కింద కుట్టని బట్ట పంపేవాళ్ల గురించి మాట్లాడదలుచుకోలేదు.

కొత్తకొట్టు_రవి
నలభైలో ఆరు కుట్టనివి. ఇంకో నాలుగు ఆర్డర్ వచ్చాక కుట్టేవి. వాటికి విడిగా తేదీలు పెట్టాలన్నమాట.

పార్సిల్_పంతులు
బ్యానర్ మీద తేదీ పెట్టి "కుట్టి సిద్ధంగా ఉన్నవాటికి" అని రాయి. మిగతా పదింటికి వాటి పేజీలోనే, ధర పక్కన. ఒకే ఆర్డర్లో రెండు రకాలు కలిపేస్తే? అక్కడే కొట్లు దెబ్బతింటాయి. సిస్టమ్ రెండూ తయారయ్యేదాకా ఆపి ఒకే డబ్బాలో పంపుతుంది, పిల్లాడి జత కూడా ఆలస్యమవుతుంది. ఈ నెలకి మాత్రం విడివిడిగా పంపమని సెట్ చేసుకో.

తేదీ తప్పుతోందని ఎలా తెలుస్తుందంటే, ట్రాకింగ్‌లో "లేబుల్ తయారైంది" దగ్గర ఒక రోజు దాటి ఆగిందంటే పార్సిల్ ఇంకా నీ కొట్లోనే ఉంది. కొరియర్‌ని తిట్టకముందు బల్ల కింద వెతుక్కో. అలాగే 24 సోమవారం పొద్దున్నే ఒక జాబితా తియ్యి. చేరాల్సిన ఊరి హబ్బుకి ఇంకా రానివాటికి నువ్వే ఫోన్ చెయ్యి, వాళ్లు చేసేదాకా ఆగకు. రెండు దారులు చెప్పు, రద్దు చేసి మొత్తం డబ్బు వాపసు, లేదా ఆలస్యంగా అందుతుంది. 24న చెప్తే వాళ్లకి వేరే కొట్టుకి వెళ్లే టైముంటుంది. 28న చెప్పే క్షమాపణతో ఎవరికీ లాభం లేదు.

లెక్కలరాజు
మరి చేతికిచ్చాకే డబ్బు తీసుకునే ఆర్డర్లు? మొదటిసారి ఇంట్లో ఎవరూ లేకపోతే మళ్లీ మర్నాడే కదా వస్తారు.

పార్సిల్_పంతులు
మంచి పాయింటు. నేను వేసిన ఆ 6లో రెండో ప్రయత్నానికి చోటు లేదు. వాటికి ఆఖరి తేదీ ఒకరోజు ముందే పెట్టడమా, లేక ముందురోజు ఫోన్ చేసి ఎవరుంటారో కనుక్కోవడమా అన్నది కొట్టు సైజుని బట్టి.

సుధ_స్ప్రెడ్‌షీట్
ఒకరోజు జరపడమే సులువు. -9.

హసీనా_హెమ్
మెసేజ్‌లు ఎప్పుడు పంపుతున్నారు? సూర్యాస్తమయం వేళ ఉపవాసం విడిచేటప్పుడు ఫోన్ మోగితే చిరాకు. ఆ తర్వాత రాత్రి తరావీహ్ నమాజు. పొద్దున పది పదకొండు మధ్య మేలు. వేర్వేరు ఊళ్లకి పంపేటప్పుడు ఒకే గడియారం పెట్టొద్దు, సూర్యాస్తమయం ఊరూరికీ మారుతుంది. చివరి పది రాత్రులు చాలామంది ఆరాధనలో గడుపుతారు. ఎలాగూ పండక్కి ముందు అందే ఆర్డర్లు 18తో ఆగిపోతాయి కాబట్టి ఆ రోజుల్లో డెలివరీ సమాచారం తప్ప ఇంకేమీ పంపొద్దు.

నెలవంక
"ఈద్ ముబారక్" మెసేజ్‌ని తేదీ పెట్టి ముందే షెడ్యూల్ చేసి ఉంటే వెంటనే తీసేయండి. వంక కనపడని సాయంత్రం, రేపు ఇంకో ఉపవాసం ఉందనగా మీ శుభాకాంక్షలు దిగుతాయి. రెండు మెసేజ్‌లు రాసి ఉంచండి, ఆ రాత్రి ప్రకటన వచ్చాక మనిషే చేత్తో పంపాలి. ప్రకటన ప్రాంతాన్ని బట్టి వేరుగా ఉంటే జాబితా కూడా వేరు చేయాలి.

ఊరికే_చదువుతా
రమదాన్ ముబారక్ అని పంపేస్తే సరిపోదా, ఎప్పుడైనా చెల్లుతుంది.

నెలవంక
నెల అయిపోయిన మర్నాడు కూడానా?

కొత్తకొట్టు_రవి
అన్నీ కలిపి మళ్లీ రాశా. తేదీలు 2025 లెక్కలోవే ఉంచా, నమూనా కోసం:

"ఈద్ కలెక్షన్. కుట్టి సిద్ధంగా ఉన్న జతలు.
మార్చి 18, మంగళవారం లోపు ఆర్డర్ చేస్తే మార్చి 27, గురువారం లోపు మీ చేతికి.
మార్చి 7, శుక్రవారం లోపు ఆర్డర్ చేస్తే సైజు మార్పిడి కూడా మార్చి 27 లోపే.
కుట్టని బట్టకు, ఆర్డర్ మీద కుట్టే జతలకు తేదీ ఆయా పేజీల్లో ఉంది.
మార్చి 27కి అందదని తెలిస్తే మేమే 24న ఫోన్ చేస్తాం. రద్దు చేసుకుంటే మొత్తం డబ్బు వాపసు."

బొమ్మలో మసీదు తీసేశాం, దీపాలు పెట్టాం. గ్యారంటీ మాట, చుక్క రెండూ పోయాయి.

షమీమ్_కుట్టుమిషన్
ఇలా చదివితే మాకు కూడా కొట్టు మీద నమ్మకం వస్తుంది. "లోపు" అంటే 27 రాత్రి ఎన్ని గంటల దాకా? 18న రాత్రి పదకొండున్నరకి పెట్టిన ఆర్డర్ లెక్కలోకి వస్తుందా?

పార్సిల్_పంతులు
రాదు. ఆ రోజు ప్యాకింగ్ వాళ్లు ఇంటికెళ్లే టైము ఏదో అదే రాయాలి. "మంగళవారం మధ్యాహ్నం 2 గంటల లోపు" అను. వేరే దేశంలో కూర్చుని కొనేవాళ్లకి అది ఎవరి మధ్యాహ్నమో కూడా చెప్పాలి.

కత్తెర42
బ్యానర్ పొడుగు పెరుగుతోంది. ఇంకొంచెం లాగితే దుపట్టా అవుతుంది.

డిజైన్_డబ్బా
ఫోన్లో ఐదు వరుసలు పట్టవు. పైన 18, 27 రెండే పెద్దగా పెట్టు, మిగతాది వెంటనే కింద అదే సైజు అక్షరాల్లో. చిన్నక్షరాలకి మాత్రం మళ్లీ పోకు.

రమణమ్మ_జాకెట్లు
నేనైతే 7నే పైన పెడతా. సైజు మార్పిడి లేకుండా పిల్లల జతలు ఎవరు కొంటారు?

కొత్తకొట్టు_రవి
పిల్లల పేజీకి 7, పెద్దవాళ్ల పేజీకి 18 పైన పెట్టి చూస్తా. వాపసుల లెక్క పండగ అయ్యాక ఇక్కడే పెడతా.

బక్రీద్_బాబు
మేక తీసేశాం. ఒంటె పెట్టొచ్చా?